ఈ నెల మా మనిషి: రామాంజనేయులు, డ్రిప్ సర్వీస్ టెక్నీషియన్, అనంతపురం

ఫోటోలో చీనీ చెట్టు కింద గొంతుకూర్చుని, చేతిలో కొలత గ్లాసు పట్టుకున్నది మా రామాంజనేయులు అన్న. గార్లదిన్నె, నార్పల, శింగనమల వైపు తోటలకు సర్వీస్ ఆయనే చూస్తాడు. ఈ నెల ఆయన గురించి రాయడానికి కారణం ఒక కాగితం. ఇప్పుడు మా టెక్నీషియన్లందరి బ్యాగుల్లోనూ ఉన్న ‘16 చోట్ల షీటు’ ఆయన తయారుచేసిందే.

‘చివరి చెట్లకు నీళ్లు పడట్లేదు’ అని రైతు ఫోన్ చేస్తే ఇదివరకు మావాళ్లు యాసిడ్ డబ్బా పట్టుకునే బయలుదేరేవారు. అన్న పద్ధతి వేరు. ముందు కొలత, తర్వాతే మందు. ఒక వాల్వ్ కింద నాలుగు లేటరల్ పైపులు ఎంచుకుంటాడు: మొదటిది, చివరిది, మధ్యలో రెండు. ఒక్కో పైపు మీద మళ్లీ నాలుగు చోట్ల డ్రిప్పర్ కింద గ్లాసు పెట్టి 3 నిమిషాలు పడతాడు. గంటకు 4 లీటర్ల డ్రిప్పర్ అయితే 200 మిల్లీలీటర్లు రావాలి.

ఆ అంకెల వరసలోనే జబ్బు తెలిసిపోతుంది. అన్నిచోట్లా ఒకేలా తగ్గితే లోపం మోటారు దగ్గరో ఫిల్టర్ దగ్గరో ఉంటుంది, డ్రిప్పర్లను అనాల్సిన పని లేదు. పైపు మొదట్లో బాగుండి చివరికొచ్చేసరికి తగ్గితే లోపల ఒండు పేరుకుంది. అక్కడొకటి ఇక్కడొకటి తగ్గితే అప్పుడు డ్రిప్పర్ విప్పి చూడాలి. తెల్లటి పొర మీద యాసిడ్ చుక్క వేస్తే బుసబుస పొంగింది అంటే సున్నం. జిగటగా ఉంటే పాచి. దానికి యాసిడ్ కాదు, క్లోరిన్ కావాలి. ఈ రెండూ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

గార్లదిన్నె మండలంలో ఒక తోటలో పైపులన్నీ మార్చేద్దామని రైతు సిద్ధమయ్యాడు. అన్న కొలిస్తే పైపుల మొదట్లో 190, చివర 70 వచ్చింది. శాండ్ ఫిల్టర్ గేజీలు చూస్తే నీళ్ల ఒత్తిడి లోపలికి 2.0 కిలోలు, బయటికి 1.2. తేడా 0.5 దాటిందంటే ఫిల్టర్‌లోకి నీళ్లు ఎదురు తిప్పి కడగాల్సిందే, అంటే బ్యాక్‌వాష్, ఇక్కడ 0.8 ఉంది. బ్యాక్‌వాష్ అయ్యాక సబ్‌మెయిన్ ఫ్లష్ వాల్వ్, ఆ తర్వాత లేటరల్ ఎండ్ క్యాప్‌లు. ఒకేసారి ఐదారు మాత్రమే తీశాడు. అన్నీ ఒక్కసారి తీస్తే ఒత్తిడి పడిపోయి బురద కదలదు, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. తేటనీళ్లు వచ్చేదాకా వదిలి మళ్లీ కొలిస్తే చాలా చోట్ల 180 దాటింది. ఒక్క పైపు కూడా మార్చలేదు.

మిగిలిన సున్నానికి మాత్రమే యాసిడ్. దాని లెక్కా షీటు వెనక ఉంది. రైతు బోరు నీళ్లు 10 లీటర్లు బకెట్‌లో పట్టి, పీహెచ్ పేపర్ 4 చూపేదాకా సిరంజితో హైడ్రోక్లోరిక్ యాసిడ్ కొద్దికొద్దిగా కలపాలి. అక్కడ 6 మిల్లీలీటర్లు పట్టింది. వాల్వ్ కింద గంటకు 3,600 లీటర్లు పారితే 15 నిమిషాలకు 900 లీటర్లు, అంటే 540 మిల్లీలీటర్ల యాసిడ్. చివరి డ్రిప్పర్ దగ్గర పేపర్ 4 చూపాక మోటారు ఆపి 24 గంటలు పైపుల్లోనే ఉంచి, మర్నాడు మళ్లీ ఫ్లష్. నీళ్లలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు కాదు. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా అన్న డబ్బా మూత తీయనివ్వడు, ఎదురుగా మా మేనేజరున్నా సరే.

నిజం చెప్పాలంటే ఇందులో కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. కొలిచే పద్ధతి డ్రిప్ మాన్యువళ్లలో ఉన్నదే. మే నెల ఎండలో 16 చోట్ల కూర్చుని కొలిచే ఓపికే ఎవరికీ లేకపోయింది. ఆ కొలతను అన్న అలవాటుగా మార్చి, కొత్తగా చేరిన పిల్లలకు తోటలోనే నేర్పాడు. ఇప్పుడు షీటు నింపకుండా మా స్టోర్‌లో యాసిడ్ ఇవ్వరు.

షీటులో చివరి గడి ఎరువులది. కాల్షియం నైట్రేట్‌ను ఫాస్ఫేటు, సల్ఫేటు ఎరువులతో ఒకే ట్యాంకులో కలిపితే తెల్లగా గడ్డకట్టి డ్రిప్పర్లకు అడ్డుపడుతుంది. ‘ఎరువు ఏది, దేంతో కలిపినావు రెడ్డీ?’ అని ఆ గడి కోసం ఆయన అడగని తోట లేదు.

మా సర్వీస్‌కు ఫోన్ చేసే రైతులకు రామాంజనేయులు అన్న మాటగా ఒక విన్నపం: ముందుగా ఒక చివరి ఎండ్ క్యాప్ తీసి నీళ్ల రంగు చూడండి, ఫిల్టర్ రెండు గేజీల అంకెలు రాసిపెట్టుకోండి. ఫోన్‌లో ఆ మూడూ చెబితే ఏ సామాను తీసుకురావాలో ఆయనకు అర్థమవుతుంది.

#అనంతపురం #చీనీతోట #డ్రిప్‌సర్వీస్