చీమకుర్తి యూనిట్‌కు మల్టీవైర్ మెషీన్: దశలవారీ చెల్లింపులతో కొనుగోలుకు బోర్డు అనుమతి కోరుతూ తిరగరాసిన కవర్ నోట్

చైర్మన్ గారికి, డైరెక్టర్లందరికీ నమస్కారాలు.

2025 డిసెంబరు 20, శనివారం బోర్డు సమావేశం, అజెండాలో 4వ అంశం.

అడగాల్సింది ముందే అడుగుతాను. గ్రానైట్ బ్లాకులు కోసే మల్టీవైర్ మెషీన్ ఒకటి కొని, మన షెడ్డులో నిలబెట్టి, పని మొదలుపెట్టే వరకు అయ్యే మొత్తం ఖర్చు 11 కోట్ల 60 లక్షల రూపాయలు. ఇందులో 7 కోట్ల 50 లక్షలు బ్యాంకు టర్మ్ లోను, 4 కోట్ల 10 లక్షలు మన సొంత డబ్బు. దీనికి మీ అనుమతి కావాలి. ఆర్డరు ఇచ్చిన రోజు సరఫరాదారుకు వెళ్లేది 1 కోటి 41 లక్షల 75 వేలు మాత్రమే. ఆ తర్వాత వాళ్లకు ఇచ్చే ప్రతి విడతా మనం చూసి సరే అన్న పనికి ముడిపడి ఉంటుంది.

అక్టోబరులో మీరు వెనక్కి పంపిన నోట్ కూడా నేను రాసిందే. అందులో మెషీన్ ధర 9 కోట్ల 45 లక్షలు మాత్రమే ముందు పేజీలో పెట్టాను. పునాది, కరెంటు పనులు, వైర్ల ఖర్చు అనుబంధాల్లో ఎక్కడో ఉండిపోయాయి. మొత్తం ఎంత, ఏ డబ్బు ఎప్పుడు పోతుంది, మధ్యలో పని ఆగిపోతే మన చేతిలో ఏం మిగులుతుంది అని చైర్మన్ గారు అడిగారు. ఆ మూడింటికీ ఆ నోట్‌లో జవాబు లేదు. అనుబంధాలను అలాగే ఉంచి, ఈ నోట్‌ను మొదటి నుంచి రాశాను.

మెషీన్ ఎందుకు కావాలో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు గానీ, ఒక్క విషయం చూపించాలి. నవంబరు 11న ప్రొడక్షన్ మేనేజర్, నేను కలిసి యార్డులోకి వెళ్లాం. కొనుగోలుదారు తరఫున వచ్చిన ఇన్‌స్పెక్టర్ సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెట్టి పక్కకు తీసిన 38 గెలాక్సీ స్లాబులు గోడకు ఆనించి ఉన్నాయి. రాయిలో లోపం లేదు, బంగారు చుక్కలు నిండుగా ఉన్నాయి. వెర్నియర్ పెట్టి ఒకదాన్ని కొలిచాం. 20 మిల్లీమీటర్లు ఉండాల్సిన స్లాబు ఒక మూల 18.8, నడుమ 21.6 ఉంది. గ్యాంగ్‌సాలో ఉక్కు బ్లేడు బ్లాకులోకి దిగుతూ దిగుతూ పక్కకు వంగితే వచ్చే అల అది. పాలిష్ ఎంత పెట్టినా పోదు. రామతీర్థం క్వారీల నుంచి అంత ధర పెట్టి తెచ్చుకున్న రాయి చివరికి తక్కువ రకం కింద అమ్ముడుపోతోంది.

గ్యాంగ్‌సా మీద మనకు ఒక బ్లాకు పూర్తవడానికి నాలుగు రోజులు పడుతోంది. మేము వెళ్లి చూసిన మల్టీవైర్ మెషీన్ మీద దాదాపు అదే కొలత బ్లాకు 14 గంటల్లో పూర్తయింది. అందులో డైమండ్ పూసలు ఎక్కించిన వైర్లు నీళ్లతో కోస్తాయి. ఉక్కు గుళ్లు, సున్నం కలిపిన బురద అవసరం ఉండదు కాబట్టి స్లాబు మీద తుప్పు మరక భయం కూడా లేదు.

దేశంలో తయారైన మెషీన్ 6 కోట్ల 20 లక్షలకు వస్తుంది కదా అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. మాకు వచ్చిన ఆ ఆఫరు 36 వైర్లది. 2 సెంటీమీటర్ల స్లాబుకు ఒక్కో వైరు మధ్య దూరం లెక్కేస్తే, ఒకసారికి అది కోయగలిగేది సుమారు ఒక మీటరు మందం. మన బ్లాకుల్లో ఎక్కువ భాగం ఒకటిన్నర మీటర్లు దాటినవే. అంటే ఒకే బ్లాకును రెండుసార్లు ఎక్కించాలి, రెండోసారి గురి తప్పకూడదు. 60 వైర్ల మెషీన్ అడగడానికి కారణం ఇదే. ధరలో తేడా పెద్దదే, కానీ సగం బ్లాకు కోసే మెషీన్ కొంటే మన ఇబ్బంది తీరదు.

ఇక మొత్తం లెక్క. మెషీన్ ధర 9,00,000 యూరోలు, చెన్నై పోర్టు వరకు ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపి. యూరోకు 105 రూపాయల చొప్పున 9 కోట్ల 45 లక్షలు. పునాది, షెడ్డు మార్పులు, ట్రాన్స్‌ఫార్మర్, కేబుళ్లకు 1 కోటి 10 లక్షలు. మొదటి సెట్టు డైమండ్ వైర్లకు 50 లక్షలు. పోర్టు క్లియరెన్సు, లారీలు, క్రేన్లకు 15 లక్షలు. అనుకోని ఖర్చులకు 40 లక్షలు పక్కన పెట్టాం. యూరో ఒక్క రూపాయి పెరిగితే మనకు 9 లక్షలు పెరుగుతుంది. అందుకే మీ అనుమతి రాగానే, ఎల్‌సీ ద్వారా కట్టాల్సిన భాగానికి బ్యాంకులో ఫార్వర్డ్ బుక్ చేస్తాం. రేటు తగ్గుతుందేమోనని ఎదురుచూడం.

సరఫరాదారు మొదట అడిగింది 30 శాతం అడ్వాన్సు, మిగతా 70 శాతం ఓడ ఎక్కించే ముందు. అంటే మెషీన్ మన గేటు లోపలికి రాకముందే డబ్బంతా వాళ్ల దగ్గర ఉంటుంది. దానికి ఒప్పుకోలేదు. మూడు నెలలు మాట్లాడాక కుదిరింది ఇది.

ఆర్డరుతో పాటు 15 శాతం, అంటే 1 కోటి 41 లక్షల 75 వేలు. అంతే మొత్తానికి వాళ్ల బ్యాంకు గ్యారంటీ మన బ్యాంకుకు చేరి, అది అసలైనదేనని మన బ్యాంకు ధ్రువీకరించాకే ఈ డబ్బు కదులుతుంది. మామూలుగా సరుకు ఓడ ఎక్కగానే ఈ గ్యారంటీ రద్దవుతుంది. మెషీన్ మన యార్డులో దిగే వరకు అది అమల్లో ఉండేలా ఒప్పించాం. ఈ షరతు కోసం మేము చాలా పట్టుబట్టాం.

రెండో విడత 60 శాతం, 5 కోట్ల 67 లక్షలు, ఎల్‌సీ ద్వారా. షిప్పింగ్ పత్రాలతో పాటు మన ఇంజనీరు సంతకం చేసిన తనిఖీ సర్టిఫికెట్ కూడా ఉంటేనే బ్యాంకు చెల్లిస్తుంది. మన ఇంజనీరు వాళ్ల ఫ్యాక్టరీకి వెళ్లి, మెషీన్ నడిపించి చూశాకే సంతకం పెడతారు. పరీక్షలో తప్పితే సరిచేయడానికి వాళ్లకు 60 రోజులు గడువు, అప్పటికీ కాకపోతే అడ్వాన్సు వెనక్కి.

మెషీన్ బిగించి మన బ్లాకు ఒకటి కోశాక 15 శాతం, మళ్లీ 1 కోటి 41 లక్షల 75 వేలు. చివరి 10 శాతం, 94 లక్షల 50 వేలు, 30 రోజులు వరుసగా నడిపి ఒప్పందంలో రాసుకున్న మందం, వేగం రెండూ వచ్చాకే. ఆ రోజు నుంచి 12 నెలల వారంటీ మొదలవుతుంది. దానికి 10 శాతం విలువైన బ్యాంకు గ్యారంటీ ఇస్తారు, అది వారంటీ ముగిశాక కూడా 60 రోజులు చెల్లుతుంది.

ఇందులో మనం ఎక్కువగా ఇరుక్కునే కాలం ఏదో దాచకుండా చెప్పాలి. రెండో విడత వెళ్లినప్పటి నుంచి మొదటి బ్లాకు కోసే దాకా, సుమారు మూడు నెలలు. అప్పటికి 7 కోట్ల 8 లక్షల 75 వేలు చెల్లించి ఉంటాం, మెషీన్ ఇంకా పెట్టెల్లోనే ఉంటుంది. అడ్వాన్సు గ్యారంటీ కూడా యార్డు దాకానే. ఆ మూడు నెలల్లో పని ఆలస్యమయ్యేది ఎక్కువగా మన వైపు నుంచే, పునాది ఎండకపోవడం వల్లో, కరెంటు రాకపోవడం వల్లో. కాబట్టి మాకు మేమే ఒక నియమం పెట్టుకున్నాం. పునాది కాంక్రీటు పోసి 28 రోజులు నిండి, అదనపు లోడుకు కరెంటు శాఖ అనుమతి వచ్చి, సుంకం మినహాయింపునిచ్చే ఈపీసీజీ లైసెన్సు చేతికందే వరకు ఎల్‌సీ తెరవం. ఎల్‌సీ దరఖాస్తు మీద చైర్మన్ గారి సంతకం కూడా ఉండాలని ప్రతిపాదిస్తున్నాను. ప్రయాణంలో మెరైన్ పాలసీ, బిగించేటప్పుడు స్టోరేజ్, ఎరెక్షన్ పాలసీ రక్షణ ఇస్తాయి.

ఈపీసీజీ విషయంలో ఒక మాట. సుంకం మిగులుతుంది గానీ, మిగిలిన సుంకానికి ఆరు రెట్ల విలువైన ఎగుమతులు ఆరేళ్లలో చూపించాలి. ఇప్పుడు చేస్తున్న ఎగుమతులు సగానికి పడిపోయినా ఈ బాధ్యత తీర్చగలం. లెక్క అనుబంధం 3లో ఉంది.

రాబడి సంగతి. నెలకు 20 బ్లాకులు కోస్తే కరెంటు, వైర్లు, కూలీ పోను ఏడాదికి 2 కోట్ల 75 లక్షలు మిగులుతుంది. పెట్టుబడి నాలుగేళ్లకు కాస్త పైన వెనక్కి వస్తుంది. అయితే ఆగస్టులో అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకం 50 శాతానికి పెంచాక, 20 బ్లాకుల లెక్క ఒక్కటే చూపించి ఊరుకోవడం నాకు సరైనదిగా అనిపించలేదు. 14 బ్లాకులకే పరిమితమైతే మిగిలేది 1 కోటి 60 లక్షలు. లోను కిస్తీలు మొదలైన తొలి ఏడాది అసలు, వడ్డీ కలిపి సుమారు 2 కోట్ల 8 లక్షలు కట్టాలి. అంటే 48 లక్షల లోటు మిగతా వ్యాపారం నుంచి తీర్చాలి. తీర్చగలం, కానీ ఆ ఏడాది డివిడెండు ఉండకపోవచ్చు. ఇది తెలిసే మీరు నిర్ణయం తీసుకోవాలి.

పునాది పనికి వచ్చిన మూడు కొటేషన్లలో ఒకటి మన డైరెక్టర్లలో ఒకరి అల్లుడు గారిది. ఆ డైరెక్టరు గారు తామే ముందుగా రాతపూర్వకంగా తెలియజేశారు. ఆ పని ఎవరికివ్వాలన్నది ఈ తీర్మానంలో చేర్చలేదు. జనవరిలో విడిగా, వారు చర్చలో పాల్గొనకుండా నిర్ణయించమని కోరుతున్నాను.

ఇప్పుడే ఎందుకంటే, కారణం వానలు. జనవరిలో ఆర్డరిస్తే జూలైలో ఓడ ఎక్కుతుంది, ఆగస్టులో చెన్నై నుంచి నెల్లూరు, ఒంగోలు మీదుగా ఇక్కడికి చేరుతుంది, సెప్టెంబరు చివరికి షెడ్డు కింద బిగించేస్తాం. మార్చికి వాయిదా పడితే పెట్టెలు అక్టోబరులో వస్తాయి. మొన్న మొంథా తుపానుకు మన యార్డులో నీళ్లు ఎంతవరకు నిలిచాయో మీరంతా చూశారు. ఎలక్ట్రికల్ ప్యానెళ్లను ఆ నీళ్లలో దించే పరిస్థితి తెచ్చుకోవద్దు. మార్చి దాకా ఆగాలనుకుంటే, ఆర్డరు ఏకంగా జూన్‌కు జరిపి 2027 జనవరిలో మెషీన్ తెచ్చుకోవడమే మేలని నా అభిప్రాయం.

టర్మ్ లోను తీసుకోవాలంటే కంపెనీల చట్టం 2013, సెక్షన్ 179 ప్రకారం తీర్మానం బోర్డు సమావేశంలోనే చేయాలి. సర్క్యులేషన్ ద్వారా కుదరదు. కాబట్టి 20వ తేదీన కోరం తప్పకుండా ఉండేలా చూడమని మనవి.

ఆమోదం కోసం తీర్మానం ముసాయిదా:

"చీమకుర్తి యూనిట్‌కు 60 వైర్ల మల్టీవైర్ మెషీన్ ఒకటి, అనుబంధ పనులతో కలిపి 11 కోట్ల 60 లక్షల రూపాయలు మించకుండా కొనడానికి, అందుకు 7 కోట్ల 50 లక్షల వరకు టర్మ్ లోను తీసుకోవడానికి బోర్డు ఆమోదిస్తోంది. చెల్లింపులు ఈ నోట్‌లోని నాలుగు దశల ప్రకారమే జరగాలి. ఎల్‌సీ దరఖాస్తు మీద చైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్ ఇద్దరూ సంతకం చేయాలి. ఏ దశ షరతునైనా సడలించాలన్నా, మొత్తం ఖర్చు పరిమితి దాటాల్సి వచ్చినా ముందుగా బోర్డు అనుమతి తీసుకోవాలి. ప్రతి విడత చెల్లించిన వారంలోగా ఒక పేజీ నివేదికను డైరెక్టర్లందరికీ పంపాలి."

భవదీయుడు,
ఫైనాన్స్ మేనేజర్
చీమకుర్తి, 2025 డిసెంబరు 8