మందు ఒంట్లోకి వెళ్లాక ఏం జరుగుతుంది? ఫార్మకోకైనెటిక్స్ తొలి పాఠం

మాత్ర ఇచ్చి, చార్టులో సంతకం పెట్టగానే మన పని అయిపోయినట్టు అనిపిస్తుంది. మందు పని మాత్రం అప్పుడే మొదలవుతుంది. అది రక్తంలో కలవాలి, కణజాలాల్లోకి చేరాలి, కాలేయంలో రూపం మారాలి, చివరికి బయటికి పోవాలి. వచ్చే వారం మీరు మెడికల్ వార్డుకి వెళ్తున్నారు. అక్కడ ఒకే మందు పక్కపక్క బెడ్లలో రెండు వేర్వేరు డోసుల్లో కనిపిస్తుంది. ఎందుకో ఈ పాఠంతో అర్థమవుతుంది.

శోషణ

ఐవీ ఇచ్చిన మందు మొత్తం రక్తంలోకి చేరుతుంది. మింగిన మందు అలా కాదు. పేగు గోడ దాటి, పోర్టల్ సిర గుండా ముందుగా కాలేయానికి వెళ్తుంది. ఒళ్లంతా తిరగకముందే కొంత భాగం అక్కడ ఖర్చైపోతుంది. దీన్నే ఫస్ట్ పాస్ అంటాం. మార్ఫిన్ నోటి డోసు ఐవీ డోసుకి సుమారు మూడు రెట్లు ఉండేది ఇందుకే. రూటు మారినా డోసు అంకె మారలేదంటే ఆగి అడగండి. ఛాతీనొప్పికి నైట్రోగ్లిసరిన్‌ని నాలుక కింద పెట్టేది కూడా కాలేయాన్ని తప్పించడానికే.

మన చేతిలో ఉన్న విషయాలు ఇంకో రెండున్నాయి. సిప్రోఫ్లాక్సాసిన్‌ని యాంటాసిడ్‌తోనో ఐరన్ మాత్రతోనో కలిపి ఇస్తే అవి దాన్ని పట్టేసుకుంటాయి, రక్తంలోకి చేరేది బాగా తగ్గిపోతుంది. రైల్స్ ట్యూబు ఉంది కదా అని ఎస్ఆర్ మాత్రను నూరితే, రోజంతా మెల్లగా విడుదల కావలసిన మందు ఒక్కసారిగా విడుదలవుతుంది.

జీవక్రియ

కాలేయంలోని ఎంజైములు చాలా మందులను నీటిలో కరిగే రూపానికి మారుస్తాయి. మారిన పదార్థం నిర్వీర్యమే అనుకోకండి. కోడీన్ నొప్పి తగ్గించేది ప్రధానంగా మార్ఫిన్‌గా మారాకే. ఒక మందు ఇంకోదాని ఎంజైముల వేగాన్ని మార్చగలదు కూడా. రిఫాంపిసిన్ మొదలుపెట్టాక వార్ఫరిన్ పనితనం తగ్గుతుంది. రిఫాంపిసిన్ ఆపాక, డోసు సరిచేయకపోతే రక్తస్రావం జరగొచ్చు.

విసర్జన, హాఫ్ లైఫ్

బయటికి పోయే ప్రధాన దారి మూత్రపిండాలు. కొన్ని మందులు పిత్తంతో కలిసి మలంలో పోతాయి.

రక్తంలో మందు స్థాయి సగానికి పడిపోవడానికి పట్టే సమయం హాఫ్ లైఫ్. ఒక మందుది 6 గంటలు అనుకుందాం. స్థాయి 100 దగ్గర మొదలైతే 6 గంటలకు 50, 12కి 25, 18కి 12.5, 24కి 6.25, 30 గంటలకు సుమారు 3. అంటే ఐదు హాఫ్ లైఫ్‌లలో దాదాపు ఖాళీ. ఇదే లెక్క ఎక్కేటప్పుడూ వర్తిస్తుంది. వేళ తప్పకుండా డోసులు ఇస్తూ పోతే నాలుగైదు హాఫ్ లైఫ్‌లకు స్థాయి నిలకడకు వస్తుంది. అంతవరకు ఆగలేని పరిస్థితిలో మొదట్లోనే ఒక పెద్ద డోసు ఇస్తారు, అదే లోడింగ్ డోసు. ఈ లెక్కను కాగితం మీద ఒకసారి మీరే వేసి చూడండి, ఇక మర్చిపోరు.

మూత్రపిండాలు దెబ్బతింటే

డిగాక్సిన్‌నే తీసుకుందాం. మూత్రపిండాలు బాగుంటే దాని హాఫ్ లైఫ్ ఒకటిన్నర నుంచి రెండు రోజులు. అవి పూర్తిగా పనిచేయకపోతే మూడున్నర నుంచి ఐదు రోజులు. ఐదుతో గుణించండి: స్థాయి నిలకడకు రావడానికి రెండున్నర వారాల పైనే పడుతుంది. ఆ రోజులన్నీ మందు పేరుకుంటూనే ఉంటుంది. మూడో రోజున పేషెంటు హాయిగా ఉన్నంత మాత్రాన డోసు సరిపోయిందని చెప్పలేం.

అందుకే ఇలాంటి మందులకు డోసు తగ్గిస్తారు, లేదా డోసుకీ డోసుకీ మధ్య గ్యాప్ పెంచుతారు. జెంటామైసిన్‌కి గ్యాప్ పెంచడం మామూలే. దాని ట్రఫ్ లెవెల్ శాంపిల్‌ను తర్వాతి డోసుకి కాస్త ముందు తీయాలి, తీసిన టైమ్ కచ్చితంగా రాయాలి. టైమ్ తప్పుగా రాస్తే ఆ రిపోర్టు మీద వేసే డోసు కూడా తప్పవుతుంది.

క్రియాటినిన్ ఒక్కదాన్నే నమ్మకండి. కండ తగ్గిన వృద్ధుల్లో మూత్రపిండాలు నీరసించినా అది నార్మల్‌గా కనిపించవచ్చు. వయసు, బరువు కలిపి క్రియాటినిన్ క్లియరెన్స్ లెక్కకట్టేది ఇందుకే.

కాలేయం దెబ్బతింటే

ఇక్కడ డోసు లెక్కకు క్రియాటినిన్ లాంటి ఒక్క అంకె దొరకదు. సిర్రోసిస్‌లో ఫస్ట్ పాస్ తగ్గి, మింగిన ప్రొప్రనొలాల్ మామూలు కంటే ఎక్కువగా రక్తంలోకి చేరుతుంది. డయజెపామ్ హాఫ్ లైఫ్ సాగిపోయి మత్తు వదలదు. పైగా ఆల్బుమిన్ పడిపోతే ఫెనిటాయిన్ లాంటి మందుల్లో ప్రొటీన్‌కి అంటుకోని భాగం పెరుగుతుంది. మొత్తం లెవెల్ నార్మల్‌గా ఉన్నా పేషెంటు తూలుతుంటాడు.

ఒక బెడ్ దగ్గర

72 ఏళ్ల పెద్దాయన, డిగాక్సిన్ రోజుకి 0.25 మి.గ్రా. మీద పదో రోజు. నిన్నటి నుంచి యూరిన్ తగ్గింది. పొద్దున్నే వికారం, ఇడ్లీ కూడా వద్దన్నారు. నిమిషం పాటు ఎపికల్ పల్స్ లెక్కపెడితే 52. ఆ డోసు ఇవ్వకుండా ఆపి, డ్యూటీ డాక్టరుకి ఇలా చెప్పండి: "సార్, పల్స్ 52, వికారం ఉంది, 24 గంటల యూరిన్ 400 ఎంఎల్. డిగాక్సిన్ ఇవ్వకుండా ఆపాను. ఈసీజీ, క్రియాటినిన్, పొటాషియం, డిగాక్సిన్ లెవెల్ చూద్దామా?"