స్టాక్ సర్దుబాట్లకు ఆమోదం: విజయవాడ, గుంటూరు మందుల గోడౌన్లు

స్టోర్ ఇన్‌ఛార్జులకు, ఫార్మసిస్టులకు, అకౌంట్స్ వారికి:

ఏప్రిల్ 1 నుంచి ERPNextలో `Stock Reconciliation`ను రాసినవారే `Submit` చేయడం కుదరదు. వర్క్‌ఫ్లోలో `Allow Self Approval` టిక్ తీసేశాం. సొంత ఎంట్రీ ఇన్‌ఛార్జిదైనా సరే, మరొకరే ఆమోదించాలి.

తేడా కనిపించగానే సిస్టమ్ ముట్టుకోకండి. ముందు సరుకు మళ్లీ లెక్కపెట్టాలి. రెండోసారి లెక్కించేవారికి సిస్టమ్ అంకె చూపకండి; చూస్తే చెయ్యి ఆ అంకె దగ్గరే ఆగిపోతుంది. ఫిబ్రవరిలో ఒక పారాసెటమాల్ బ్యాచ్ 40 పెట్టెలు ఉండాల్సింది 4 అని పడింది. సరుకు ఎక్కడికీ పోలేదు. 40 స్ట్రిప్పులని రాసుకున్నారు, పెట్టెకు పది స్ట్రిప్పులు. ఆ రోజు మళ్లీ లెక్కపెట్టకపోతే 36 పెట్టెలు నష్టం ఖాతాలోకి వెళ్లేవి.

తర్వాత డ్రాఫ్ట్ రాయండి. కారణం "తేడా" అని ఒక్క మాటలో సరిపోదు. ఏ బ్యాచ్, ఎప్పుడు, ఎలా తెలిసింది, ఎవరు లెక్కపెట్టారు అన్నీ ఉండాలి. పగిలిన సరుకైతే బ్యాచ్ నంబరు కనిపించేలా ఫొటో, లెక్క కాగితం జతచేయాలి. ఒక బ్యాచ్‌లో తగ్గినదాన్ని మరో బ్యాచ్‌లో పెరిగినదానితో సరిపెట్టడం ఇక ఆపేయండి. మొత్తం సరిపోయినట్టు కనిపిస్తుంది గానీ, రేపు కంపెనీ ఒక బ్యాచ్ వెనక్కి పిలిస్తే ఏ షాపుకు వెళ్లిందో చెప్పలేం.

₹2,000 వరకు గోడౌన్ మేనేజర్, ₹25,000 వరకు అకౌంట్స్ హెడ్, ఆపైన డైరెక్టర్ ఆమోదిస్తారు. మేనేజర్ రాసిన ఎంట్రీ ఎంత చిన్నదైనా అకౌంట్స్ హెడ్‌కే వెళ్తుంది. తేడాను విడగొట్టి చిన్న ఎంట్రీలుగా పంపితే అన్నీ తిరస్కరిస్తాం. దొంగతనం అనుమానముంటే మొత్తంతో పనిలేదు, నేరుగా డైరెక్టర్‌కు చెప్పాలి.

గడువు తీరిన మందులను వెంటనే రాసేయకూడదు. `Material Transfer`తో ఎక్స్‌పైరీ వేర్‌హౌస్‌కు మార్చండి. కంపెనీ వెనక్కి తీసుకోనివాటిని, నాశనం చేసినట్టు ధ్రువపత్రం వచ్చాకే రైటాఫ్ చేయాలి. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)(h) ప్రకారం అలాంటి సరుకుపై ఇన్‌పుట్ క్రెడిట్ నిలవదు కాబట్టి, ఆ నెల రివర్సల్ వివరం అకౌంట్స్ వారు అదే ఎంట్రీ కింద కామెంట్‌గా రాయాలి.

తప్పు ఆమోదం పడితే `Cancel` చేసి `Amend` చేయండి. పాత ఎంట్రీ అలాగే ఉంటుంది, కొత్తదాని నంబరు చివర -1 చేరుతుంది. డిలీట్ అనుమతి ఎవరికీ లేదు. కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆపలేని ఎడిట్ లాగ్ ఉండాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది. ఒకరి లాగిన్‌తో మరొకరు పనిచేస్తే ఆ లాగ్‌లో తప్పు పేరు పడుతుంది. పాస్‌వర్డ్ పక్కవారికి ఇవ్వకండి, సెలవులో ఉన్నా సరే.

ఆమోదం కోసం ఆగిన డ్రాఫ్టులన్నీ ప్రతి నెల 3వ తేదీ సాయంత్రానికి తేలిపోవాలి.