7వ తరగతి గణితం – ట్యాబ్ సెషన్ల నోట్సు (భిన్నాలు)

శిరీష

07-07-2025, సోమ: 25 నిమిషాలు. 12 లెక్కల్లో 9 రైట్ అని ప్రోగ్రామ్ చూపించింది. కానీ సూచన బటన్ 14 సార్లు నొక్కింది. మూడో సూచనలో జవాబు దాదాపు బయటపడిపోతుంది, ఆ కిటుకు పట్టేసింది. నోట్‌బుక్‌లో చేయమంటే 1/3 + 1/4 = 2/7 అని రాసింది. పైవి పైవి, కిందవి కిందవి కూడేస్తోంది.

09-07-2025, బుధ: ట్యాబ్ ఇవ్వలేదు. కాగితం మడతపెట్టి 12 గళ్లు చేయించాను. మూడో వంతుకి 4 గళ్లు, నాలుగో వంతుకి 3 రంగేసింది. "ఏడు గళ్లు టీచర్... అంటే 7/12 ఆ?" అని తనే అడిగింది.

14-07-2025, సోమ: 10కి 6. సూచనలు 2. మార్కులు తగ్గాయి గానీ నాకు ఇదే నయం.

ఇమ్రాన్

07-07-2025: 12కి 5. నెట్ రెండుసార్లు పోయింది, ఆ మార్కులు లెక్కలోకి తీసుకోను.

14-07-2025: 10కి 7. తప్పు పడిన మూడూ నిజానికి తప్పులు కావు. 1/2 రాయాల్సిన చోట 2/4 రాశాడు, ప్రోగ్రామ్ ఎర్రగుర్తు పెట్టింది. "సమానమే కదా మేడమ్!" అని ఉడుక్కున్నాడు. సమానమే. సూక్ష్మరూపంలో రాయమని ప్రశ్నలో ఎక్కడా లేదు. నా రికార్డులో 10కి 10 వేశాను. శుక్రవారం సూక్ష్మీకరణ పాఠం ఇస్తాను.