మిర్చి కోల్డ్ స్టోరేజ్ అగ్ని బీమా ప్రతిపాదన: అదనపు వివరాల కోరిక, షరతులతో కూడిన అంగీకారం

అగ్ని బీమా అండర్‌రైటింగ్ విభాగం
ప్రాంతీయ కార్యాలయం, విజయవాడ
తేదీ: 12 ఫిబ్రవరి 2026
ప్రపోజల్ నంబరు: 2026/అగ్ని/0418

మేనేజింగ్ పార్ట్‌నర్ గారికి,
మిర్చి కోల్డ్ స్టోరేజ్, ఏటుకూరు రోడ్డు, గుంటూరు

అయ్యా,

మీ ప్రపోజల్ ఫారం ఫిబ్రవరి 6న మాకు చేరింది. 9వ తేదీన మా ఇంజినీరు మీ ఆవరణ చూసి ఇచ్చిన తనిఖీ నివేదికతో కలిపి దాన్ని పరిశీలించాం. మీ రిస్కు తీసుకోవడానికి మేం సుముఖంగా ఉన్నాం. అయితే మీరు అడిగిన పాలసీలో, మీరు రాసిన బీమా మొత్తానికి తీసుకోలేం. కారణాలు, మేం ఇవ్వగల షరతులు, మీ నుంచి ఇంకా రావలసిన వివరాలు కింద రాస్తున్నాం. మీ ఇప్పటి పాలసీ ఫిబ్రవరి 28 అర్ధరాత్రితో ముగుస్తోంది కాబట్టి జవాబు 20వ తేదీలోగా అందాలి.

ముందుగా ఒక మాట. ఈ ఉత్తరం పాలసీ కాదు, కవర్ నోటు కూడా కాదు. బీమా చట్టం 1938లోని సెక్షన్ 64వీబీ ప్రకారం ప్రీమియం మాకు ముందుగా ముట్టనిదే రిస్కు మొదలవదు.

స్టాక్ విలువ గురించి

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే. నాలుగు చాంబర్లు, ఒక్కోదానికి 25,000 చొప్పున మొత్తం 1,00,000 టిక్కీలు, టిక్కీకి 40 కిలోలు అని ఫారంలో రాశారు. అంటే నిండు సీజనులో మీ దగ్గర 40,000 క్వింటాళ్ల కాయ ఉంటుంది. స్టాక్‌కు మీరు అడిగిన బీమా మొత్తం 38 కోట్లు. దాన్ని బట్టి క్వింటాకు 9,500 రూపాయలు కట్టినట్టు. కానీ ఫారంతో మీరే జతచేసిన అమ్మకపు పట్టీల సగటు క్వింటాకు 14,000 పడుతోంది. ఆ లెక్కన స్టాక్ విలువ 56 కోట్లు.

ఈ తేడా వల్ల రెండు ఇబ్బందులు వస్తాయి.

మొదటిది పాలసీ రకం. భవనానికి 7.5 కోట్లు, యంత్రాలకు 3.5 కోట్లు, స్టాక్‌కు 38 కోట్లు కలిపి 49 కోట్లు చూపి ‘భారత్ లఘు ఉద్యమ్ సురక్ష’ అడిగారు. ఆ పాలసీకి ఉన్న 50 కోట్ల పరిమితి చూసేది మీరు ఎంతకు బీమా చేయించారన్నది కాదు, ఆ ఆవరణలో బీమా చేయదగ్గ ఆస్తుల అసలు విలువ ఎంతన్నది. అసలు విలువ 67 కోట్లు అయినప్పుడు ఆ పాలసీ వర్తించదు. అందుకే స్టాండర్డ్ ఫైర్ అండ్ స్పెషల్ పెరిల్స్ పాలసీ కింద షరతులు ఇస్తున్నాం.

రెండోది యావరేజ్ క్లాజ్. 56 కోట్ల సరుకు ఉన్నచోట 38 కోట్లకే బీమా ఉంటే, మిగతా 18 కోట్లకు మీరే బీమాదారు అయినట్టు లెక్క. ఒక చాంబర్‌లో సగం సరుకు కాలి 7 కోట్ల నష్టం వచ్చిందనుకోండి. నష్టం బీమా మొత్తం లోపలే ఉంది కదా, అంతా వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. 38/56 నిష్పత్తిలో 4.75 కోట్లే వస్తుంది, అందులోంచి ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిములో మీరే భరించవలసిన భాగం, కూడా పోతుంది. మిగతా 2.25 కోట్లు రైతులకు, వ్యాపారులకు మీరే జవాబు చెప్పుకోవలసి వస్తుంది. ఈ లెక్క క్లెయిమ్ రోజున తెలియడం కంటే ఈ రోజే తెలియడం మీకు మేలు.

ఏడాదంతా 56 కోట్ల మీద ప్రీమియం కట్టడం భారం అనుకుంటే డిక్లరేషన్ పద్ధతి ఉంది. మీ సరుకు ఏప్రిల్, మే నెలల్లో నిండి, డిసెంబరుకల్లా చాలావరకు ఖాళీ అవుతుందని మీ రిజిస్టరే చెబుతోంది కాబట్టి మీకు ఇదే తగినదని మా అభిప్రాయం. ముందు పూర్తి ప్రీమియం కట్టాలి. ప్రతి నెలా ఆ నెలలో నిల్వ ఉన్న అత్యధిక విలువను తర్వాతి నెలాఖరులోగా రాసి పంపాలి. ఏడాది చివర సగటు కట్టి, ఎక్కువైన ప్రీమియం తిరిగి ఇస్తాం. అది స్టాక్ ప్రీమియంలో 50 శాతం మించదు. ఏ నెలైనా పంపకపోతే ఆ నెలకు పూర్తి 56 కోట్లు ఉన్నట్టే లెక్కిస్తాం. ఉన్నదానికన్నా తక్కువ రాసి పంపితే, తర్వాత వచ్చే క్లెయిమ్ కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది.

మీరు పంపవలసిన వివరాలు

స్టాక్ వివరాలు రకాల వారీగా కావాలి: తేజ, 341, బాడిగ, తాలు వేర్వేరుగా, చాంబర్ల వారీగా, గత పన్నెండు నెలల్లో ప్రతి నెలాఖరు నిల్వతో. తాలు ధర వేరు, తేజ ధర వేరు కాబట్టి ఒకే సగటు మీద ఆధారపడితే రేపు సర్వేయర్ లెక్క, మీ లెక్క కలవవు. వివరాలు వచ్చాక 56 కోట్లు పెరగవచ్చు, తగ్గనూ వచ్చు. ప్రీమియం దాన్ని బట్టి మారుతుంది.

ఆ సరుకు ఎవరిదో కూడా చెప్పాలి. ఫారంలో ‘సొంత స్టాక్’ అన్న గడిలో టిక్ పెట్టారు. మా ఇంజినీరు చూసిన బాండ్ల పుస్తకంలో మాత్రం ఎక్కువ పేర్లు రైతులవి, కమిషన్ వ్యాపారులవి. మీ దగ్గర భద్రపరచడానికి ఇచ్చిన సరుకుకు కూడా బీమా ఇవ్వగలం, కానీ పాలసీలో ‘సొంతం, ఇతరుల తరఫున భద్రపరచినది’ అని స్పష్టంగా రాయాలి. బాండ్ల మీద అప్పులిచ్చిన బ్యాంకుల జాబితా, ఏ వ్యాపారి తన సరుకుకు విడిగా పాలసీ తీసుకున్నాడో ఆ వివరం పంపండి. ఒకే సరుకుకు రెండు పాలసీలు ఉంటే ఎవరి వాటా ఎంతన్నది తేలేసరికి క్లెయిమ్ నెలల తరబడి ఆగుతుంది.

భవనం 7.5 కోట్లు ఎలా వచ్చిందో రాయలేదు. అది బ్యాలెన్స్ షీటులో తరుగుదల పోగా మిగిలిన విలువ అయితే సరిపోదు. అదే భవనాన్ని ఈ రోజు మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు కావాలి. గోడలకు, పైకప్పుకు వేసిన ఇన్సులేషన్ ఖర్చు అందులో కలిసి ఉందో లేదో చార్టర్డ్ ఇంజినీరు సర్టిఫికెట్‌లో ప్రత్యేకంగా రాయించండి. కోల్డ్ స్టోరేజీల్లో మరిచిపోయేది ఎక్కువగా ఇదే. యావరేజ్ క్లాజ్ ప్రతి అంశానికి విడివిడిగా వర్తిస్తుంది, కాబట్టి స్టాక్‌కు ఎక్కువ బీమా ఉన్నా అది భవనం లోటును పూడ్చదు.

గత ఐదేళ్ల క్లెయిముల గడి ఖాళీగా ఉంది. చాంబర్ 3 పైకప్పు కింద కొత్త ప్యానెళ్లు, పక్క దూలం మీద మసి మరకలు కనిపించాయని తనిఖీ నివేదికలో ఉంది. అక్కడ ఏం జరిగింది, ఎప్పుడు, నష్టం ఎంత, ఏ కంపెనీకి క్లెయిమ్ పెట్టారు, ఎంత ముట్టింది అన్నది రాయండి. క్లెయిమ్ పెట్టకపోయినా రాయాలి. పాత ప్రమాదం ఉందని తెలిస్తే ప్రతిపాదన తిరస్కరిస్తామన్న భయం వద్దు. కారణం సరిదిద్దారో లేదో తెలుసుకోవడానికే అడుగుతున్నాం. దాచిన విషయం తర్వాత బయటపడితే మాత్రం పాలసీయే చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది.

వీటితో పాటు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం, ఇన్సులేషన్ థర్మకోలా పీయూఎఫ్ ప్యానెలా అన్న వివరం, అమ్మోనియా ప్లాంటు నిర్వహణ రికార్డు, జనరేటరుకు నిల్వ ఉంచే డీజిల్ పరిమాణం పంపండి.

మేం ఇస్తున్న షరతులు

మొత్తం బీమా 67 కోట్లు. వెయ్యికి 2 రూపాయల రేటున ప్రీమియం 13,40,000. హైడ్రెంట్ వ్యవస్థ లేనందున, చాంబర్ల వైరింగు పాతది అయినందున 25 శాతం లోడింగ్ 3,35,000. కలిపి 16,75,000. జీఎస్టీ 18 శాతం 3,01,500. మీరు కట్టవలసింది 19,76,500 రూపాయలు. ఈ రేటులో తుఫాను, వరద, భూకంపం ఉన్నాయి. ఉగ్రవాద నష్టం మీరు కోరలేదు కాబట్టి లేదు. ఎక్సెస్: స్టాక్‌కు ప్రతి క్లెయిములో 5 శాతం, కనీసం 5 లక్షలు, భవనం, యంత్రాలకు 5 శాతం, కనీసం 25,000.

పాలసీ మొదలవడానికి ముందే జరగాల్సినవి రెండు. చాంబర్ 2 ఎదుట, లోడింగ్ షెడ్డులో పేర్చిన ఖాళీ గోనె సంచులను భవనానికి కనీసం 15 మీటర్ల దూరానికి తరలించాలి. చాంబర్ 1, 4లలో బస్తాలకు ఆనుకుని వేలాడుతున్న బల్బులు, అతుకులు వేసిన వైర్లు తీసేయాలి. ఫొటోలు పంపితే చాలు, మళ్లీ తనిఖీ అవసరం లేదు.

పాలసీ కాలమంతా వారంటీగా, అంటే మీరు తప్పక పాటించవలసిన షరతులుగా ఉండేవి: చాంబర్ల లైట్లకు మెయిన్ స్విచ్ బయట ఉండాలి, లోపల మనిషి లేనప్పుడు ఆపి ఉండాలి, లైటుకు, పై వరుస బస్తాకు మధ్య 60 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి, చాంబర్‌లో సరుకు ఉండగా వెల్డింగు, గ్యాస్ కటింగు చేయకూడదు. ఇంజిన్ రూములోనో పైకప్పు మీదో తప్పనిసరై చేయవలసి వస్తే మేనేజరు సంతకంతో రాతపూర్వక అనుమతి, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు, పని ముగిశాక కనీసం ఒక గంట కాపలా ఉండాలి. థర్మకోల్‌లో పడిన నిప్పురవ్వ అప్పుడే మంటగా కనిపించదు. పనివాళ్లు ఇంటికి వెళ్లాక లేస్తుంది. మిర్చి అంటుకుంటే ఆ ఘాటుకు శ్వాస పరికరాలు లేకుండా ఫైర్ సిబ్బంది లోపలికి వెళ్లలేరు. మంట చిన్నదిగా ఉన్నప్పుడే ఆపడం తప్ప మీ చాంబర్లలో వేరే రక్షణ లేదు. ఈ వారంటీల విషయంలో మేం గట్టిగా ఉండటానికి కారణం అదే.

మిగతావి పూర్తి చేయడానికి 60 రోజుల గడువు ఇస్తున్నాం. అగ్నిమాపకానికే కేటాయించిన లక్ష లీటర్ల నీటి ట్యాంకు, దానికి డీజిల్ పంపు, నాలుగు చాంబర్ల తలుపుల దగ్గర హోస్ రీళ్లు ఏర్పాటు చేయాలి. ఇప్పుడున్న 20,000 లీటర్ల ట్యాంకు కండెన్సర్ అవసరాలకే చాలదు. చాంబర్ల వైరింగంతా లోహపు పైపుల్లోకి మార్చి, ప్యానెల్ బోర్డులకు థర్మోగ్రఫీ పరీక్ష చేయించి నివేదిక పంపాలి. 60 రోజుల్లో ఇవి పూర్తి కాకపోతే 61వ రోజు నుంచి స్టాక్ క్లెయిముల మీద ఎక్సెస్ 5 బదులు 10 శాతం. పూర్తయితే లోడింగ్ 25 నుంచి 10 శాతానికి తగ్గించి, మిగిలిన కాలానికి తేడా వాపసు చేస్తాం.

ఈ పాలసీలో రానిది

కరెంటు పోయో, కంప్రెసర్ ఆగిపోయో ఉష్ణోగ్రత పెరిగి సరుకు పాడైతే అగ్ని బీమా వర్తించదు. కోల్డ్ స్టోరేజ్ సరుకుకు ఉష్ణోగ్రత మార్పు వల్ల కలిగే నష్టం పాలసీలోనే మినహాయించి ఉంది. తడి కాయ తనంతట తాను వేడెక్కి కాలినా అంతే, దానికి విడిగా కవరు తీసుకోవాలి. మీ ఫారంలో ‘అన్ని రకాల నష్టాలకు’ అని రాశారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాం. సరుకు చెడిపోవడానికి డిటీరియరేషన్ ఆఫ్ స్టాక్ పాలసీ ఉంది. దానికి తోడుగా మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ కూడా అమల్లో ఉండాలి. కావాలంటే కంప్రెసర్ల వివరాలు, లాగ్ పుస్తకం నకలు పంపండి, విడిగా కోట్ ఇస్తాం.

ఈ షరతులు ఫిబ్రవరి 28 వరకు చెల్లుతాయి. అప్పటిలోగా మీ ఆవరణలో ఏ ప్రమాదం జరిగినా, మీరు ఇచ్చిన వివరాల్లో ఏది మారినా వెంటనే తెలియజేయాలి. అప్పుడు షరతులు తిరిగి పరిశీలిస్తాం. సమ్మతమైతే అందరు భాగస్వాముల సంతకాలతో అంగీకార పత్రం, పైన అడిగిన వివరాలు, ఫొటోలు 20వ తేదీలోగా పంపండి. వాటిని చూసి తుది ప్రీమియం రెండు పనిదినాల్లో చెబుతాం. ప్రీమియం 27వ తేదీ సాయంత్రంలోగా మా ఖాతాలో జమ అయితే మీ పాత పాలసీ ముగిసిన క్షణం నుంచే కొత్తది మొదలవుతుంది. మీ ప్రాంతంలో కొత్త కాయ చాంబర్లకు వచ్చే రోజులివి, మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ రానివ్వకండి.

ఇట్లు,
సీనియర్ అండర్‌రైటర్
అగ్ని బీమా విభాగం

జతపరచినవి: తనిఖీ నివేదిక నకలు, అంగీకార పత్రం నమూనా, నెలవారీ స్టాక్ డిక్లరేషన్ ఫారం.
ప్రతి: మీ బీమా బ్రోకరుకు, టర్మ్ లోను ఇచ్చిన బ్యాంకు శాఖకు.