సివిల్ ప్రొసీజర్ కోడ్: 15 మార్కుల ప్రశ్న, నమూనా జవాబు

ప్రశ్న: తెనాలి దగ్గర ఒక రైతు తన రెండెకరాలు అమ్ముతానని 2014 జనవరిలో అగ్రిమెంట్ రాసి, 6 లక్షల అడ్వాన్సు తీసుకున్నాడు. రిజిస్ట్రేషన్‌కు గడువు 10-6-2014. కొనుగోలుదారు 4-8-2018న స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ దావా వేశాడు. గడువును ఇద్దరం నోటిమాటగా పొడిగించుకున్నామని, నోటీసిస్తే రైతు 20-11-2016న రిజిస్ట్రేషన్ చేయనని జవాబిచ్చాడని ప్లెయింట్‌లో రాశాడు. పొడిగింపే లేదంటూ రైతు 12-12-2018న రిటన్ స్టేట్‌మెంట్ వేసి, ప్లెయింట్ తిరస్కరించమని అర్జీ పెట్టాడు. పొలంలో సగం తనదని రైతు చెల్లెలు పార్టీగా చేరతానంది. 2018 అక్టోబరులో వాది టేకు చెట్లు నరికాడంటూ, ఇష్యూలు ఖరారయ్యాక 2019 జులైలో రైతు 2 లక్షలకు కౌంటర్ క్లెయిమ్ వేశాడు. మూడు అర్జీలనూ తేల్చండి.

జవాబు: ఆర్డర్ 7 రూల్ 11(డి) కింద చూసేది ప్లెయింట్, దాంతో జతచేసిన కాగితాలు మాత్రమే. రిటన్ స్టేట్‌మెంట్‌లో ఎంత గట్టి డిఫెన్స్ ఉన్నా ఈ దశలో పనికిరాదని సుప్రీంకోర్టు సలీం భాయ్ కేసులో (2003) చెప్పింది. విద్యార్థులు ఎక్కువగా జారిపడేది ఇక్కడే: 10-6-2014 నుంచి మూడేళ్లు లెక్కపెట్టి, దావా కాలాతీతమని రాసేస్తారు. ప్లెయింట్ ప్రకారం పాత గడువు లేదు, నిరాకరణ తెలిసింది 2016లో. లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 54 రెండో భాగం కింద దావా సకాలంలోనే ఉంది. పొడిగింపు నిజమా కాదా అన్నది సాక్ష్యంతో తేలాలి. అందుకే మొదటి అర్జీ కొట్టివేయాలి. పొడిగింపు మాటే ప్లెయింట్‌లో లేకపోతే జవాబు తారుమారయ్యేది. అప్పుడు తిరస్కరణ సెక్షన్ 2(2) ప్రకారం డిక్రీ, అప్పీలు వేసుకోవచ్చు.

చెల్లెలు అగ్రిమెంట్‌లో పార్టీ కాదు. ఆమె లేకుండానే అన్న అగ్రిమెంట్‌కు కట్టుబడాలా వద్దా తేల్చవచ్చు కాబట్టి ఆమె అవసరమైన పార్టీ కాదు. కస్తూరి కేసు (2005) సరిగ్గా దీనికే: స్వతంత్ర హక్కు చెప్పే మూడో వ్యక్తిని చేరిస్తే దావా హక్కుల దావాగా మారిపోతుంది. ఆర్డర్ 1 రూల్ 10(2) అర్జీ కొట్టివేయాలి. ఆమె పార్టిషన్ దావా వేసుకోవచ్చు, ఈ డిక్రీ ఆమెను కట్టిపడేయదు.

కౌంటర్ క్లెయిమ్‌లో రెండు తేదీలు వేరుగా చూడాలి. చెట్లు నరికింది దావా వేశాక, రిటన్ స్టేట్‌మెంట్‌కు ముందు. కాబట్టి ఆర్డర్ 8 రూల్ 6ఎ కోరే కాజ్ ఆఫ్ యాక్షన్ ఉంది. చెట్ల గొడవకు అగ్రిమెంట్‌తో సంబంధం లేకపోయినా ఫర్వాలేదు. వేసిన సమయమే చిక్కు. రిటన్ స్టేట్‌మెంట్ తర్వాత కూడా వేయవచ్చు గానీ, ఇష్యూలు ఖరారయ్యేదాకానే అని అశోక్ కుమార్ కాల్రా కేసులో (2019) మెజారిటీ తీర్పు. అందువల్ల స్వీకరించకూడదు. నష్టపరిహారానికి రైతు వేరే దావా వేసుకోవాలి. నరికిన రోజు నుంచి మూడేళ్ల గడువు 2019 జులైకి ఇంకా మిగిలే ఉంది.