నల్ల కళ్ల బఠాణీలు

మా నాన్న తెనాలిలో నలభై ఏళ్లు కిరాణా కొట్టులో గుమాస్తాగా చేశారు. పప్పు చేతిలోకి తీసుకుంటే పాతదో కొత్తదో చెప్పేస్తారు. అలాంటి మనిషి ఇక్కడ డాలస్‌లో సూపర్ మార్కెట్‌కి వస్తే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. అన్నీ మూసిన డబ్బాలు, ఇంగ్లీషు అక్షరాలు. నాకది చూడబుద్ధయ్యేది కాదు.

ఆ శనివారం మా వాడు డబ్బా తీసి చదవడం మొదలుపెట్టాడు. తొమ్మిదేళ్లు వాడికి.

"తాతయ్యా, ఇవి నల్ల కళ్ల బఠాణీలు."

నాన్న డబ్బా మీది బొమ్మ కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశారు. "ఓరి నీ ఇల్లు బంగారం గానూ! అలసందలురా ఇవి."

"అలసందలు," అని రెండుసార్లు అనుకున్నాడు వాడు. "ఉప్పు చెప్పనా? సోడియం నాలుగు వందల అరవై మిల్లీగ్రాములు. రోజంతటికీ దాటకూడని దాంట్లో నూటికి ఇరవై."

డాక్టరు నాన్నకి సోడియం రోజుకి 1500 మిల్లీగ్రాములు దాటొద్దన్నాడు. ఫరవాలేదనుకుని నేను డబ్బా బండిలో వెయ్యబోయాను.

"ఆగమ్మా. నాలుగొందల అరవై దేనికి? డబ్బా మొత్తానికా?"

వాడు మళ్లీ పైనుంచి వేలు పెట్టి చదివాడు. "కాదు తాతయ్యా, అర కప్పుకి. డబ్బాలో అలాంటివి మూడున్నర ఉన్నాయంట."

నాన్న పెదాలు కదిలాయి. కాగితం లేదు, ఫోను లేదు. "పదహారు వందల పది."

వాడు నా ఫోను లాక్కుని గుణించి చూశాడు. 1610. తాతయ్య వైపు నోరు తెరుచుకుని అలా ఉండిపోయాడు. నాన్న చేతులు అప్పుడు వెనకాల లేవు. అరల మీది డబ్బాలు ఒక్కొక్కటే తీసి వాడికి అందిస్తున్నారు. "ఇది చదువు. ఇందులో ఎన్ని సర్వింగులు?" ఆ వరస దాటడానికి మాకు ముప్పావుగంట పట్టింది. నేను తొందరపెట్టలేదు. చివరికి ఎండు అలసందల పొట్లం ఒకటి కొన్నాం. దాంట్లో ఉప్పు సున్నా.

ఇంటికొచ్చాక, రేపు వడలు వేద్దామని నాన్న అలసందలు నానబోశారు. వాడు మాత్రం అల్మరా తెరిచి, పాత డబ్బాలన్నీ ముందేసుకుని, ఎక్కువ ఉన్నవాటి మీద కాగితం ముక్కలు అంటిస్తున్నాడు. స్కెచ్ పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలు: "ఉపు".

నాన్న పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు. వాడి చేతిలోంచి పెన్ను తీసుకుని, ప్రతి "పు" కిందా ఓపిగ్గా ఒత్తు పెట్టారు.

"ఇప్పుడు సరిపోయిందిరా ఉప్పు."